పాత ఇత్తడి, స్టీలు పాత్ర మీది ముద్రను బట్టి దాన్ని ఎవరు, ఎప్పుడు చేశారో ఎలా తేల్చాలి?

ముందు ఆ తోమడం ఆపండి. పాత ఇత్తడి పాత్ర చేతికి రాగానే చాలామంది పౌడరు వేసి తళతళలాడేదాకా రుద్దుతారు, ఆ తర్వాత ముద్ర సరిగ్గా కనిపించట్లేదంటూ ఫొటో పట్టుకుని నలుగురినీ అడుగుతారు. ముద్ర లోతు ఉండేదే కాస్త, గరుకు పౌడరు మొదట అరగదీసేది ఆ అక్షరాల అంచుల్నే. గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు, మెత్తని బ్రష్, అంతే. పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దం, ఒక టార్చి, పల్చటి కాగితం, మెత్తటి పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.

అడుగున, పిడి కింద, అంచు పక్కన, మూత లోపల వెతకండి. గదిలో లైటు ఆపేసి టార్చిని పాత్రకు దాదాపు ఆనించి పక్కనుంచి వేస్తే నీడలు పడి అక్షరాలు లేస్తాయి. ఎదురుగా ఫ్లాష్ కొడితే ఏమీ కనబడదు. కాగితం పరిచి పెన్సిల్‌తో పైపైన రుద్ది అచ్చు తీసుకోండి, ఒకటి కాదు రెండు, రెండోది కాగితం తిప్పి వేరే దిశలో. ఫొటో తీసి, దాంతో ఇంటర్నెట్‌లో పోలిన బొమ్మ వెతికే పద్ధతి నాకు నచ్చదు. అది పాత్ర ఆకారాన్ని చూసి దగ్గరి పోలికలు తెచ్చిపెడుతుంది, ఒకే ఆకారాన్ని పదిమంది తయారీదారులు చేసి ఉంటారు. పెన్సిల్ అచ్చులో ఉన్నది ఉన్నట్టు, చుక్కతో సహా పడుతుంది.

ఇంకొకటి, ఇత్తడికీ స్టీలుకూ హాల్‌మార్క్ ఉండదు. అది బంగారం, వెండి, ప్లాటినం లాంటి విలువైన లోహాలను పరీక్షించి వేసే ముద్ర. పాత్ర అడుగున చిన్న చిన్న డాళ్లలో సింహం, కిరీటం, అక్షరం వరసగా కనిపించినంత మాత్రాన వెండి పట్టికలు తెరవకండి. వెండి పూత వేసిన ఇత్తడి మీద తయారీదారులు తమ సొంత గుర్తులనే అలా వరసగా కొట్టేవాళ్లు, వాటిలోని అక్షరం చాలాసార్లు సంవత్సరాన్ని చెప్పదు. ఒంటరిగా ఉన్న 2, 5, 12 లాంటి అంకెలు మామూలుగా సైజు లేదా మోడల్ నంబర్లు, వాటిని పక్కన పెట్టండి.

ఇక అసలు పని తేదీ తేల్చడం. దాదాపు అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. ముద్ర మీద కనిపించే ఏ సంవత్సరమైనా, ఏ నంబరైనా "ఈ పాత్ర ఇంతకంటే ముందుది కాదు" అని మాత్రమే చెబుతుంది, "ఈ పాత్ర ఈ ఏడాదిదే" అని చెప్పదు. ఈ తేడా పట్టుకోకపోతే మిగతా పనంతా వృథా.

బ్రిటన్ ముద్రలే తీసుకుందాం, ఎందుకంటే వాటికి తేదీలు స్పష్టంగా ఉన్నాయి. 1842 నుంచి 1883 వరకు అక్కడ డిజైన్ రిజిస్టర్ చేయిస్తే డైమండ్ ఆకారపు ముద్ర వేసుకునేవాళ్లు. దాని నెత్తిన చిన్న వృత్తంలో రోమన్ అంకె I ఉంటే అది లోహపు వస్తువు. మూలల్లో ఒక అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది, కానీ అది ఉండే చోటు మధ్యలో మారింది. 1867 వరకు సంవత్సరపు అక్షరం పై మూలలో, 1868 నుంచి కుడి మూలలో. పైన సీ అనే అక్షరం ఉంటే 1844, అదే సీ కుడివైపు ఉంటే 1870. చోటు చూడకుండా అక్షరం ఒక్కటే పట్టికలో వెతికితే పాతికేళ్లకు పైగా తేడా వచ్చేస్తుంది, అలా చెప్పినవాళ్లను నేను చాలామందిని చూశాను. తేలిగ్గా గుర్తుపట్టాలంటే ఆ వృత్తం కిందున్న పై మూల చూడండి, అక్కడ అక్షరం ఉంటే పాత రకం, అంకె ఉంటే కొత్త రకం.

1884 జనవరి నుంచి డైమండ్ పోయి "ఆర్‌డీ నంబర్" వచ్చింది, అంటే రిజిస్టరైన డిజైన్‌కు ఇచ్చే నంబరు, ఒకటి నుంచి వరస సంఖ్య. దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. ఇత్తడి కెటిల్ ఒకటి ఉంది, అడుగున ఆర్‌డీ నంబర్ 320417, దాని కింద "మేడ్ ఇన్ ఇంగ్లండ్". ఏ ఏడాది ఏ నంబరుతో మొదలైందో చెప్పే పట్టిక ప్రకారం 1898 మొదట్లో నంబరు 311658, 1899 మొదట్లో 331707. మనది వాటి మధ్యలో ఉంది, అంటే డిజైన్ రిజిస్టర్ అయింది 1898లో. చాలామంది ఇక్కడే ఆగి "1898 నాటి కెటిల్" అని చీటీ అంటించేస్తారు. అది తప్పు. డిజైన్ నడుస్తున్నంత కాలం, ఒక్కోసారి రక్షణ గడువు తీరాక కూడా, అదే అచ్చుతో అదే నంబరు కొట్టేవాళ్లు. ఇప్పుడు రెండో ముద్ర చూడండి. 1890 నాటి అమెరికా సుంకాల చట్టం వల్ల అక్కడికి పంపే సరుకు మీద దేశం పేరు ఉండాల్సి వచ్చింది, దాంతో మొదట్లో వట్టి "ఇంగ్లండ్" అనే ఎక్కువగా కొట్టారు, "మేడ్ ఇన్ ఇంగ్లండ్" వాడకం ఎక్కువైంది 20వ శతాబ్దంలో. కాబట్టి ఈ కెటిల్ డిజైన్ 1898ది, వస్తువు మాత్రం బహుశా 1900 తర్వాతది. ఎంత తర్వాత అన్నది ఈ రెండు ముద్రలు చెప్పవు. తయారీదారు కంపెనీ పేరు మార్చుకున్న ఏడాదో, మూతపడిన ఏడాదో దొరికితేనే పైహద్దు దొరుకుతుంది. ఒకే ముద్రతో ఎప్పుడూ తీర్పు చెప్పకండి, అన్నిటికంటే ఆలస్యమైన ముద్రే లెక్కలోకి వస్తుంది.

"మేడ్ ఇన్ జర్మనీ"కి మాత్రం ఈ లెక్క పనికిరాదు. బ్రిటన్ 1887లో తెచ్చిన చట్టం వల్ల ఆ మాట 19వ శతాబ్దపు సరుకు మీద కూడా కనిపిస్తుంది. "వెస్ట్ జర్మనీ" అని ఉంటే 1949కి ముందుది కాదు. కంపెనీ పేరు చివర "జీఎంబీహెచ్" ఉంటే 1892కి ముందుది కాదు, అలాంటి కంపెనీలకు వీలిచ్చిన చట్టమే ఆ ఏడాదిది.

స్టీలు పాత్రకు పని ఇంకా తేలిక. తుప్పు పట్టని స్టీలు 1912-13 ప్రాంతంలో జర్మనీలో క్రుప్ కంపెనీలోనూ, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ చేతిలోనూ రూపు దిద్దుకుంది. వంటపాత్రల మీద 18/8 అని కొట్టడం ఆ తర్వాతి సంగతి, అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. అలాంటి పాత్ర మీద 1853 అని పెద్దక్షరాల్లో ఉంటే అది పాత్ర వయసు ఎలా అవుతుంది? అది కంపెనీ పుట్టిన ఏడాది.

ముద్ర అసలుదో కాదో కూడా చూసుకోండి. అచ్చు పెట్టి సుత్తితో కొట్టిన ముద్రలో అంచులు పదునుగా, చుట్టూ లోహం కొద్దిగా ఉబ్బి ఉంటుంది. పాత పాత్రనే నమూనాగా పెట్టి పోత పోసిన నకలులో అక్షరాల మూలలు గుండ్రబడి, లోపల గరుకుగా, అక్కడక్కడ సూది బెజ్జాల్లాంటి గుంతలుంటాయి. ముద్ర చుట్టూ ఉన్న లోహం బాగా అరిగి, ముద్ర మాత్రం కొత్తగా ఉంటే దాన్ని తర్వాత కొట్టారని అర్థం.

తయారీదారు పేరు ఆఖర్న వెతకండి, మొదట కాదు. తేదీ హద్దు తెలిశాక ముద్రలోని పొడి అక్షరాలకు సరిపోయే కంపెనీలు కొన్నే మిగులుతాయి. ఆర్‌డీ నంబరో, డైమండో ఉంటే లండన్‌లోని క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ రిజిస్టర్లలో ఎవరి పేరున నమోదైందో చూడొచ్చు. అక్కడ దొరికేది డిజైన్ యజమాని పేరు, ఆయన తయారీదారు కాకుండా వేరేవాళ్ల చేత చేయించిన టోకు వ్యాపారి అయినా కావచ్చు. ముద్రలో ఊరి పేరుతో పాటు వీధి పేరు కూడా ఉంటే ముందు దుకాణమేమోనని అనుమానించండి. ఆ చిరునామాను ఆ కాలపు వ్యాపార డైరెక్టరీలో చూస్తే అక్కడ ఫౌండ్రీ ఉండేదో, అమ్మకాల కొట్టు ఉండేదో తెలిసిపోతుంది.