తాతయ్యకు ఫోన్‌లో 2048 ఆట నేర్పించడం ఎలా?

ఫోను, దగ్గరి చూపు కళ్ళజోడు, ఒక దిండు ఉంటే చాలు. ఆట 2048 మాత్రమే, అంకెలు కలుపుతూ 2048 దాకా వెళ్ళే ఆట. మిఠాయిలు పేలే ఆటలు, టైమర్ పరిగెత్తే ఆటలు పెద్దవాళ్ళకు వద్దు. ఇన్‌స్టాల్ చేశాక డేటా, వైఫై ఆపేస్తే ప్రకటనలు చాలావరకు రావు.

ఆట ఒక్క నిమిషంలో చెప్పేయొచ్చు. మొత్తం 16 గళ్ళు. వేలితో ఒక పక్కకు తోస్తే అంకెలన్నీ అటు జరుగుతాయి, పక్కపక్కనే ఉన్న ఒకే అంకెలు రెండు కలిసి రెట్టింపు అంకె అవుతాయి, ఖాళీ గడిలో కొత్తగా 2 గానీ 4 గానీ వస్తుంది.

అసలు తంటా ఆ తోయడంలోనే. మా తాతయ్య ఏళ్ళ తరబడి బటన్ ఫోను వాడిన మనిషి. అంకె మీద వేలు పెట్టి గట్టిగా నొక్కి ఊరుకునేవారు. కదలకపోతే ఇంకా గట్టిగా నొక్కేవారు. "నొక్కొద్దు తాతయ్యా, పుస్తకం మీద దుమ్ము తుడిచినట్టు అనండి" అన్నాక వేలు కదిలింది. కానీ అద్దం అంచు నుంచి మొదలుపెట్టేసరికి ఆట మూసుకుపోయింది. "ఏమే, పాడు చేశానా?" అన్నారు. ఆ మాట రెండుసార్లు వచ్చిందంటే ఫోను మళ్ళీ బీరువాలోకే.

తప్పు ఆయనది కాదు. చాలా కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో అంచు నుంచి లోపలికి జరిపితే 'వెనక్కి' అని అర్థం. సెట్టింగ్స్‌లో నావిగేషన్ అని వెతికి, మూడు బటన్లు కింద కనిపించే పద్ధతికి మార్చండి. ఇది ఆట తెరవకముందే చేయాలి. ఇక ఫోను దిండు మీదే ఉండాలి. చేత్తో పట్టుకుంటే ఎడమ బొటనవేలు అద్దం మీదికి వస్తుంది, ఫోను రెండు వేళ్ళనుకుని తికమక పడుతుంది. వేలు పొడిబారి ఉంటే తడిగుడ్డతో ఒకసారి తుడవండి.

మా అన్నయ్యలా "ఇలా ఇవ్వండి" అని ఫోను మాత్రం లాక్కోవద్దు. వాడు గంట నేర్పాడు, ఆడిందంతా వాడే. మీ ఫోన్‌లో అదే ఆట తెరిచి పక్కన కూర్చోండి. మీరు ఒకసారి తోయండి, ఆయన్ని ఒకసారి తోయనివ్వండి.

తర్వాత లెక్కల గొడవ వస్తుంది. ఒక వరసలో 2, 2, 4 ఉన్నాయి. తాతయ్య ఎడమకు తోశారు, 4, 4 వచ్చాయి. "ఎనిమిది రావాలిగా?" అన్నారు. అప్పుడే కలిసిన అంకె అదే తోపులో మళ్ళీ కలవదు. ఆ సూత్రం వివరించకుండా "ఇంకోసారి ఎడమకే తోయండి" అన్నాను. 8 వచ్చింది. రెండు మూడుసార్లు చూశాక ఆయనే నాకు చెప్పారు.

చివరగా, పెద్ద అంకెను కింది ఎడమ మూలలో ఉంచాలి, వీలైనంతవరకు పైకి తోయకూడదు. మా తాతయ్య ఒప్పుకోలేదు, కుడివైపే అన్నారు. ఈ ఆటలో రెండు వైపులూ ఒకటే కాబట్టి ఆ వాదనలో ఓడిపోండి. ఆట మధ్యలో మాత్రం మూల మార్చనివ్వకండి.