కథ రాద్దాం – 5వ పాఠం: ఆట ఎలా పుట్టాలి?

పోయిన పాఠంలో పాత్రనీ చోటునీ ఖాయం చేసుకున్నాం. చోటు విజయవాడ స్టేషను, కాలం 2023 వేసవి. బండి ఆలస్యమై, మూటల మీద కూర్చున్న కూలీ కుటుంబాల పిల్లలు. వాళ్లను చూసుకోవడానికి వచ్చిన వాలంటీరు పద్మ. ఈసారి ఆమె చేత ఆట కనిపెట్టిద్దాం.

పద్మ సంచిలోంచి బంతి తీసిందంటే కథ అక్కడే చప్పబడుతుంది. ఆ బంతిని బడిలోనూ తీయొచ్చు. ఆట ప్లాట్‌ఫారంలోంచే పుట్టాలి. అక్కడ పిల్లల కళ్లెదుట ఉండేది పక్క లైనులో ఆగిన బండి. ప్రతి పెట్టె పక్కన పెద్ద అంకెల్లో ఒక నంబరు ఉంటుంది. అందులో మొదటి రెండంకెలూ ఆ పెట్టె తయారైన సంవత్సరం. 17 అంటే 2017. ఇదే మన ఆట: నీతోపాటు పుట్టిన పెట్టెను వెతుకు.

కొత్తగా రాసేవాళ్లు ఇక్కడ నియమాలన్నీ ఒక పేరాలో చెప్పేస్తారు. పాఠకుడు దాన్ని దాటేస్తాడు. ఆడుతుండగా తెలియనివ్వండి:

"మొదటి రెండంకెలే చదవండి."
"పదిహేడు!"
"అయితే అది నీకన్నా చిన్నది."
"పెట్టెలకి కూడా వయసుంటదా అక్కా?"

నాలుగు మాటల్లో ఆట అర్థమైంది. "పద్మ వివరించింది" అన్న వాక్యం మీ చిత్తులో ఉంటే కొట్టేసి చూడండి. అప్పటికీ ఆట తెలుస్తుంటే ఆ వాక్యం అక్కర్లేదు.

ఆగకుండా పోయే బండి మీద అంకెలు అందవు. అందుకే మన కథలో బండి ఆగి ఉండాలి, లేదా మెల్లగా కదలాలి. ఇంకో చిక్కు, అంకెలు కనపడక పిల్లలు అంచుకి పరుగెడతారు. కాబట్టి పద్మ పెట్టే తొలి షరతు, పసుపు గీత దాటినవాడు అవుట్. ఇది రాయకపోతే స్టేషను తెలిసిన పాఠకుడు మిమ్మల్ని నమ్మడు.

ఇక ఆట చెడాలి. ఒకడు ఊళ్ల పేర్లున్న బోర్డు మీది బండి నంబరు చదివి "పన్నెండు, నేనే గెలిచా" అంటాడు. ఈ తగవు నవ్విస్తుంది గానీ కథను తిప్పదు. తిప్పేది వేరొకటి: ఒక పిల్లాడికి తను పుట్టిన ఏడు తెలియదు. వాడు ఆటలోంచి జారుకుంటాడు. పద్మ నియమం పనిచేయలేదు, దాన్ని మార్చాలి. ఆమె వాడి తల్లిని అడుగుతుంది.

"ఏడు నాకేం తెలుసమ్మా, హుద్‌హుద్ తుపానుకి ఇంటికప్పు ఎగిరిపోయిన వారానికి పుట్టాడు."

హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది 2014 అక్టోబరు 12న. అంటే వాడు వెతకాల్సింది 14. కథాకాలంలో వాడికి ఎనిమిదేళ్లు నిండాయి, తొమ్మిది నిండలేదు. ఈ లెక్క ముందే వేసుకోండి, లేకపోతే ఇంకో పేజీలో వాడి వయసు మారిపోతుంది. పద్మ ఆ సంవత్సరాన్ని గబుక్కున చెప్పేయకూడదు. పక్క మూట మీది ముసలాయనో, టీ అమ్మే అతనో కలగజేసుకుని తేల్చాలి. అప్పుడు ఆట పెద్దల్లోకి పాకుతుంది.

అభ్యాసం: తల్లి మాట దగ్గర మొదలుపెట్టి, 14 అని తేలేవరకు పన్నెండు పంక్తులు రాయండి. "జాలి", "కన్నీళ్లు" వాడకండి. 14 ఉన్న పెట్టె దొరకాలా వద్దా, ఈలోగా వాళ్ల బండి వచ్చేస్తే ఏం చేయాలన్నది ఆరో పాఠంలో చూద్దాం.