గేటు నేలకి రాసుకుంటుంటే ముందు పై బందు చూడండి

చెన్నైలో సముద్రపు గాలికి ఇనుప గేటు బందులు త్వరగా తుప్పు పడతాయి. గేటు నేలకి రాసుకుంటోందని కింద అంచు కోయించకండి. గేటు చివర పట్టుకుని పైకెత్తుతూ, ఇంకొకరిని పై బందు చూడమనండి. పిన్ను బందులో ఆడుతుంటే అది అరిగిపోయినట్టు. బందే స్తంభంలో కదులుతుంటే అక్కడ సిమెంటు వదిలినట్టు.

మా అడయార్ ఇంట్లో పై పిన్ను ఒకపక్కే అరిగి సన్నబడింది. కింద పిన్నుకి వాషర్ వేస్తే గేటు మొత్తం కాస్త లేచింది గానీ వంపు పోలేదు. గేటు బరువు పై బందునే బయటికి లాగుతుంది మరి. చివరికి గేటు కింద ఇటుక, చెక్క ముక్క పెట్టి మట్టం చూసుకుని, కొత్త పై బందు వెల్డింగ్ చేయించాం. వెల్డింగ్ చల్లారాక మసి గీకేసి రెడ్ ఆక్సైడ్ వేయించండి, పిన్నుకి గ్రీజు మరవకండి.