గ్యాస్ బండ ఎప్పుడు అయిపోతుందో ముందే లెక్కేయడం ఎలా?

మా పాలకొల్లు వైపు సంక్రాంతికి అరిసెల పాకం పొయ్యి మీద ఉండగా బండ అయిపోతే ఆ పాకం ఇక పనికిరాదు. రెండేళ్ల కిందట మా ఇంట్లో అదే జరిగింది. అప్పటినుంచి వంటింటి క్యాలెండర్ మీదే లెక్క రాస్తున్నాను.

ముందుగా రాయాల్సింది బండ ఇంటికొచ్చిన తేదీ కాదు, రెగ్యులేటర్ తగిలించిన తేదీ. రెండు బండలున్న ఇంట్లో వచ్చిన బండ నెలన్నర మూలనే ఉండొచ్చు. బండ పైన పట్టీ మీద ఉండే ‘బి-27’ లాంటి అక్షరం, అంకె కూడా నింపిన తేదీ కాదు. ఆ బండను మళ్లీ పరీక్షించాల్సిన గడువు అది.

తర్వాత, వెనకటి మూడు బండలు ఎన్నెన్ని రోజులు వచ్చాయో చూడండి. నలుగురున్న మా ఇంట్లో 44, 45, 45 రోజులొచ్చాయి. సగటున 45 అనుకుందాం. ఇంటి బండలో గ్యాస్ 14.2 కిలోలు. దాన్ని 45తో భాగిస్తే రోజుకు దాదాపు 315 గ్రాములు. డిసెంబర్ 15న కొత్త బండ తగిలించాం కాబట్టి మామూలుగా అయితే జనవరి 29 దాకా రావాలి.

కానీ మధ్యలో పండగుంది. పిండివంటలు, అల్లుళ్లు, చుట్టాలు కలిసి ఐదు రోజులపాటు రెట్టింపు వాడకం అనుకున్నాను. అంటే ఐదు రోజుల గ్యాస్ అదనంగా పోతుంది, బండ జనవరి 24కే అయిపోతుంది. ఒక్క సగటునే నమ్ముకుంటే దెబ్బతినేది ఇక్కడే.

అనుమానముంటే తూకం వేయండి. ఖాళీ బండ బరువు ఆ పట్టీ మీదే కిలోల్లో కొట్టి ఉంటుంది, మా బండకు 15.8. జనవరి 5న రెగ్యులేటర్ కట్టేసి, విప్పి, బండను నిలువుగానే కాటా మీద పెట్టాను. 23.4 వచ్చింది. మిగిలిన గ్యాస్ 7.6 కిలోలు, అంటే 24 రోజులకు సరిపడా. పండగ ఐదు రోజులు తీసేస్తే 19. అదీ జనవరి 24నే చూపించింది. కాటా లేకపోతే తడిగుడ్డతో బండను నిలువునా తుడవండి. పైభాగం త్వరగా ఆరిపోతుంది, లోపల ద్రవం ఉన్నంత మేర తడి ఇంకాసేపు నిలుస్తుంది. ఇది ఉజ్జాయింపే.

లెక్క తేలాక, చివరి రోజుకు పది రోజుల ముందే బుక్ చేస్తాను. ఈసారి జనవరి 14 వచ్చింది, పండగ సెలవుల్లో బండి రాదేమోనని 8నే చేసేశాను.

ఏ కారణమూ లేకుండా 45 రోజుల బండ 35కే అయిపోతే, సబ్బునురుగు ట్యూబు మీద, రెగ్యులేటర్ దగ్గర రాసి చూడండి. బుడగలొస్తే గ్యాస్ కారుతోందన్నట్టే. వెంటనే రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి, గ్యాస్ వాళ్లకు ఫోన్ చేయండి. అగ్గిపుల్ల గీసి మాత్రం చూడొద్దు. బుడగలు లేకపోయినా మంట పసుపుపచ్చగా ఎగుస్తుంటే బర్నర్ రంధ్రాలు మూసుకుపోయి ఉండొచ్చు, అలాంటప్పుడు అదే అన్నానికి గ్యాస్ ఎక్కువ పడుతుంది.