వసూళ్ల లెక్కలు – 7: పార్టీ ఎక్కువ వేసేస్తే

పోయిన పాఠంలో వచ్చిన డబ్బును బిల్లువారీగా సర్దడం చూశాం. ఈసారి బిల్లు కన్నా ఎక్కువ డబ్బు వచ్చింది.

అట్టపెట్టెలు అమ్మే షాపు ఒకటి అనుకోండి. 112వ నంబరు బిల్లు రూ.48,960. బ్యాంకులో పడింది రూ.84,960. తేడా 36,000. ఇలాంటి తేడా వస్తే ముందు 9తో భాగించి చూడండి. శేషం లేకపోతే అంకెలు తారుమారయ్యాయేమోనని అనుమానించవచ్చు. ఇక్కడ 48 కాస్తా 84 అయింది. పార్టీకి ఫోన్ చేస్తే వాళ్లూ అదే అన్నారు.

ఆ ఎక్కువ డబ్బును ఏం చేయమంటారో తేలేదాకా ఎంట్రీ ఆపకూడదు. డబ్బు పడిన తేదీకే టాలీలో రిసీట్ వోచర్ వేసి, పార్టీకి మొత్తం 84,960 క్రెడిట్ చేయండి. బిల్లువారీ వివరాల్లో మాత్రం రెండు వరుసలు రావాలి:

```
Agst Ref    112    48,960
On Account         36,000
```

ఆ రెండో వరుసే అనప్లైడ్ క్యాష్, అంటే ఇంకా ఏ బిల్లుకూ సర్దని డబ్బు. అది మన ఆదాయం కాదు, పార్టీకి మనం బాకీ. `Advance` అని ఎందుకు పెట్టలేదంటే, అది అడ్వాన్సని పార్టీ ఇంకా చెప్పలేదు. సర్వీసుల వ్యాపారంలో ఈ మాటకు విలువ ఎక్కువ, ఎందుకంటే అక్కడ అడ్వాన్సు మీద కూడా జీఎస్టీ పడుతుంది.

ఇక వాపసా, సర్దుబాటా? నేనైతే మొదట పాత బాకీలు చూస్తాను. అవి లేకపోతే తర్వాతి ఆర్డరు ఎప్పుడో అడుగుతాను. పదిహేను రోజుల్లో బిల్లు పడేలా ఉంటే, సర్దమని మెయిల్‌లో రాయించుకుంటాను. ఆర్డరు ఊసే లేకపోయినా, పార్టీ వెనక్కి అడిగినా వాపసే. డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే పంపాలి. "వేరే ఖాతాకు వేయండి" అని మెయిల్ వస్తే, మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి కనుక్కోనిదే పంపొద్దు.

మన పార్టీ సర్దమంది. తర్వాత 127వ బిల్లు రూ.52,000 అయింది. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే: బిల్లునే 16,000కి కోసేస్తారు. పన్ను సరుకు విలువ మీద కదా, బిల్లు 52,000కే ఉండాలి. జర్నల్‌లో అదే పార్టీని రెండు వైపులా పెట్టండి:

```
Dr  On Account        36,000
Cr  Agst Ref    127   36,000
```

ఇది మరిచిపోతే 127 మొత్తం బాకీగానే కనిపిస్తుంది. ఒకసారి నేనూ ఇలాగే మరిచి, ముందే డబ్బిచ్చిన ఆయనకు ఫోన్ చేసి బాకీ అడిగాను. ఆయన తిట్టలేదు, నవ్వారు. అదే ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

అభ్యాసం: ఇదే పార్టీ 127వ బిల్లు పడకముందే 36,000 వెనక్కి అడిగిందనుకుని పేమెంట్ వోచర్ వేయండి. `On Account` నిల్వ సున్నా రావాలి. రాకపోతే పేమెంట్‌లో `New Ref` ఎంచుకున్నారేమో చూడండి.