కాలిఫోర్నియాలో మీ ఇంటి వంటావిడకు దెబ్బ తగిలితే ఏమి చేయాలి?

పదకొండేళ్లుగా బే ఏరియాలోని తెలుగు ఇళ్లకు ఇన్సూరెన్స్ చూస్తున్నాను. వంటావిడ చేయి కాలిందనో, పిల్లను చూసుకునే ఆవిడ మెట్ల మీద జారిందనో ఫోను వస్తుంది. అప్పటికే ఇంటివాళ్లు మూడు వందల డాలర్లు ఆమె చేతిలో పెట్టి, "ఇక్కడితో అయిపోయింది" అనుకుని ఉంటారు. అక్కడితో అయిపోదు.

కావలసినవి మూడే: మీ ఇంటి ఇన్సూరెన్స్ కాగితాలు, ఆమె వచ్చిన రోజుల లెక్క, పరిహారం కోరడానికి ఆమె నింపే డీడబ్ల్యూసీ-1 అనే ఫారం. ఫారం రాష్ట్ర ప్రభుత్వ కార్మిక శాఖ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది.

మొదటి పని వైద్యం. ప్రమాదం పెద్దదైతే 911కు ఫోను చేయండి, లేకపోతే దగ్గరలోని అర్జెంట్ కేర్‌కు మీరే తీసుకెళ్లండి. పని చేస్తుండగా తగిలిన దెబ్బ అని అక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వంటింట్లో ఏం జరిగిందో ఆ రోజే నాలుగు వాక్యాలు రాసి పెట్టుకోండి.

రెండో పని గంటల లెక్క. అందరూ తప్పేది ఇక్కడే. ఇంటిపనికి పెట్టుకున్న మనిషి కూడా ఈ రాష్ట్ర చట్టం ప్రకారం ఉద్యోగే. మినహాయింపు ఒక్కటుంది: దెబ్బ తగిలిన రోజుకు ముందు 90 రోజుల్లో మీ ఇంట్లో 52 గంటల కన్నా తక్కువ పనిచేసినా, 100 డాలర్ల కన్నా తక్కువ సంపాదించినా ఆమె, పనిలో దెబ్బ తగిలినవాళ్లకు వైద్యం, జీతం ఇప్పించే ఉద్యోగుల పరిహార చట్టం కిందికి రాదు. "వారానికి రెండుసార్లు వచ్చే మనిషి ఉద్యోగి ఎలా అవుతుంది?" అని చాలామంది అడుగుతారు. లెక్క వేసి చూడండి.

ఒక ఇంట్లో వంటావిడ మంగళ, గురువారాలు రెండేసి గంటలు వచ్చేది. ఒక గురువారం పూరీల నూనె ఒలికి మోచేయి దాకా కాలింది. అంతకుముందు 90 రోజుల్లో ఆమె వచ్చినవి 25 రోజులు, అంటే 50 గంటలు. "మాకు సంబంధం లేదు" అన్నారు ఇంటివాళ్లు. గోడమీది క్యాలెండరు తీయించాను. బాబు పుట్టినరోజుకు ఒక శనివారం నాలుగు గంటలు అదనంగా వచ్చినట్టు దాని మీద రాసి ఉంది. లెక్క 54కు చేరింది, బాధ్యత వాళ్లదే అయింది.

అందుకే లెక్క క్యాలెండరు మీదే ఉండాలి, గంటల పక్కన ఆమె పొడి అక్షరాలు ఉండాలి. బ్యాంకు నుంచి జెల్ ద్వారా పంపిన డబ్బు లెక్క చాలదా అంటారు. చాలదు. అది ఎంత ఇచ్చారో చెబుతుంది, ఎన్ని గంటలు చేసిందో చెప్పదు. దెబ్బ తగిలాక గుర్తు తెచ్చుకుని రాసిన లెక్కను నేను నమ్మను. పండగలు, పుట్టినరోజులు, ఆలస్యమైన సాయంత్రాలు అన్నీ కలపండి. సరిగ్గా 52 వచ్చినా మినహాయింపు లేదు, ఎందుకంటే చట్టం అడిగేది 52 కన్నా తక్కువ.

"కాంట్రాక్టరుగా 1099 పన్ను ఫారం రాసి ఇస్తున్నాం కదా" అనే వాదన వింటూనే ఉంటాను. కాగితం మీద ఏం రాసినా, మీ ఇంటికి వచ్చి మీరు చెప్పినట్టు వండే మనిషిని అది కాంట్రాక్టరుగా మార్చదు. వీసా గురించి కూడా ఎత్తవద్దు. ఆమెకు పని అనుమతి ఉన్నా లేకపోయినా పరిహారం హక్కు ఒక్కటే. ఆ పేరు చెప్పి బెదిరించడం చట్టవిరుద్ధం.

మూడో పని ఫారం. దెబ్బ సంగతి తెలిసిన ఒక్క పనిదినంలోపు అది ఆమె చేతికి అందాలి. పై భాగం ఆమె నింపుతుంది, కింది భాగం మీరు నింపి, ఒక నకలు ఆమెకిచ్చి, ఇన్సూరెన్స్ కంపెనీకి పంపాలి. ఫారం ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టు కాదు, ఈ చట్టంలో తప్పెవరిదన్న ప్రశ్నే లేదు. ఆమె ఫారం తిరిగి ఇచ్చాక, కంపెనీ నిర్ణయం వచ్చేదాకా 10,000 డాలర్ల వరకు వైద్యానికి అనుమతి ఇవ్వాలి. 90 రోజుల్లో కంపెనీ కాదనకపోతే దెబ్బ పని వల్లే తగిలిందని చట్టం భావిస్తుంది. పనికి రాలేని రోజులకు జీతంలో సుమారు మూడింట రెండు వంతులు వస్తుంది.

డబ్బు ఎక్కడినుంచి? సొంత ఇంటి పాలసీలో ఈ రక్షణ కలిసే ఉండాలని ఇక్కడి చట్టం. కానీ పూర్తికాలం ఉండే ఆయాకు కంపెనీలు తరచుగా విడిగా పాలసీ అడుగుతాయి. అద్దె ఇంట్లో ఉంటూ ఏ పాలసీ లేకపోతే ఖర్చంతా మీ జేబులోనిదే. పైగా ఆమె మీ ఇంట్లో వారానికి 52 గంటలకు పైగా పనిచేసేదైతే, కోర్టుకు వెళ్లినప్పుడు నిర్లక్ష్యం మీదేనన్న ఊహతో కేసు మొదలవుతుంది, కాదని మీరే నిరూపించుకోవాలి.

గంటలు నిజంగా 52 లోపే ఉంటే ఫారం అవసరం లేదు. అయినా నేల తడిగా వదిలేయడం లాంటి మీ నిర్లక్ష్యం ఉంటే ఆమె దావా వేయవచ్చు. అందుకని కంపెనీకి ఆ రోజే తెలపండి. ఇంటి పాలసీలో అతిథుల వైద్యఖర్చుకు ఉండే భాగం ఆమెకు వర్తిస్తుందా అని అప్పుడే అడగండి.