బ్రాండ్ డీల్‌కు ఓకే చెప్పే ముందు జాగ్రత్తలు

బీసెంట్ రోడ్డులోని ఒక చీరల షాపు 45 సెకన్ల రీల్ అడిగిందనుకుందాం. "మీ రేటెంత?" అనగానే అంకె చెప్పేయకండి. ముందు ఏమేం కావాలో అడగండి.

☐ రేటును విడగొట్టండి. పూట షూటింగ్, రోజు ఎడిటింగ్ కలిపి 6,000 అనుకోండి. ఆ వీడియోను షాపువాళ్లు తమ పేజీలో యాడ్‌గా నడుపుకుంటే అది వేరే లెక్క: 30 రోజులకు ఇంకో 2,000. ఇది అడగకుండా వదిలేస్తే దసరాకు తీసిన రీల్ సంక్రాంతికీ తిరుగుతూనే ఉంటుంది. అది చూసి పోటీ షాపు మిమ్మల్ని పిలవదు.

☐ గొడవంతా మార్పుల దగ్గరే. షూటింగ్‌కు ముందే స్క్రిప్ట్ పంపి, వాట్సాప్‌లో "ఓకే" రాయించుకోండి. ఆ తర్వాత ఎడిటింగ్‌లో ఒక్కసారి మార్పులు ఉచితం. అన్నీ ఒకే మెసేజ్‌లో, రెండు రోజుల్లోగా రావాలి. "ఆ చీర బదులు ఈ పట్టుచీర చూపించండి" అంటే అది మార్పు కాదు, మళ్లీ షూటింగ్. దానికి 1,500 అని ముందే రాయండి. ఓనర్ ఒకమాట, వాళ్లబ్బాయి ఒకమాట అంటారు, కాబట్టి ఫైనల్ చెప్పేది ఎవరో తేల్చుకోండి.

☐ సగం అడ్వాన్స్. మొహమాటం వద్దు.

☐ ప్రకటన అని చెప్పాల్సిందే. డబ్బు బదులు చీర ఇచ్చినా అంతే. ప్రకటనల ప్రమాణాలు చూసే ఏఎస్‌సీఐ సంస్థ మార్గదర్శకాల ప్రకారం 45 సెకన్ల వీడియోలో మూడో వంతు, అంటే 15 సెకన్లు లేబుల్ కనపడాలి. హ్యాష్‌ట్యాగ్‌ల గుంపులో దాస్తే చెల్లదు. "లేబుల్ తీసేయండి, రీచ్ పడిపోతుంది" అని షాపువాళ్లు అంటే ఆ డీల్ వదులుకోండి.